ఆ పాతిక ఫ్రేముల్లో ఏం జరుగుతుంది?

పెళ్లి వీడియోలో వధూవరుల పేర్లు తెర పక్కనుంచి జారుకుంటూ వచ్చి మధ్యలో నిలుస్తాయి. ఒక వీడియోలో అవి కుదురుగా వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. ఇంకో వీడియోలో అవే పేర్లు, అదే ఫాంటు, అదే రంగు, అయినా ఎందుకో ఎబ్బెట్టుగా తోస్తుంది. రెండుచోట్లా పేరు బయలుదేరిన చోటు ఒకటే, ఆగిన చోటు ఒకటే. పట్టిన సమయం కూడా ఒక సెకనే. మరి తేడా ఎక్కడిది? ఆ సెకనులో మనం విడివిడిగా గమనించని పాతిక ఫ్రేముల్లో ఉంది.

భారత టెలివిజన్‌లో సెకనుకు 25 ఫ్రేములు. అంటే ఒక సెకను కదలికకు 25 అడుగులు వేయాలి. ఆ అడుగుల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అని తేల్చడమే మోషన్ గ్రాఫిక్స్ చేసేవాళ్ల పనిలో సగం. ఆ లెక్కకు వాళ్లు వాడే గీతను ఈజింగ్ కర్వ్ అంటారు.

హైదరాబాద్‌లో ఒక ఎడిటర్ పండగ కార్యక్రమానికి టైటిల్ చేస్తున్నాడనుకుందాం. టైటిల్ ‘ఉగాది ముచ్చట్లు’. తెర వెడల్పు 1920 పిక్సెళ్లు, టైటిల్ వెడల్పు 580. అది ఎడమ అంచు అవతల నుంచి వచ్చి తెర నడుమ ఆగాలి. టైటిల్ మధ్యబిందువు మొదట తెరకు 290 పిక్సెళ్లు బయట ఉంటుంది, చివరికి 960 దగ్గరికి చేరుతుంది. మొత్తం ప్రయాణం 1250 పిక్సెళ్లు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తెరిచి, సున్నా దగ్గర ఒక స్థానం, సెకను దగ్గర మరో స్థానం గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తులే కీఫ్రేములు. నడిమి ఫ్రేముల్లో టైటిల్ ఎక్కడ ఉండాలో కంప్యూటరే లెక్క కడుతుంది.

వేరే ఏమీ చెప్పకపోతే కంప్యూటర్ సరిసమానంగా పంచేస్తుంది. 1250ని 25తో భాగిస్తే ఫ్రేముకు 50 పిక్సెళ్లు. మొదటి ఫ్రేములోనూ 50, చివరి ఫ్రేములోనూ 50, ఆ మరుక్షణం సున్నా. ఎబ్బెట్టు పుట్టేది ఇక్కడే. బరువున్న ఏ వస్తువూ ఒక్కసారిగా పూర్తి వేగం అందుకోదు, పూర్తి వేగంలో ఉన్నది ఒక్కసారిగా ఆగిపోదు. పుట్టినప్పటి నుంచీ అలాంటి కదలికలనే చూసిన కంటికి ఈ టైటిల్ బరువు లేనిదిగా, ఆగినప్పుడు గోడకు గుద్దుకున్నదిగా కనిపిస్తుంది. కారణం చెప్పలేకపోయినా ప్రేక్షకుడు పసిగడతాడు.

ఈ సంగతి కంప్యూటర్లకన్నా పాతది. డిస్నీ స్టూడియోలో ముఖ్య చిత్రకారుడు కదలికలోని కీలకమైన భంగిమలు మాత్రమే గీసేవాడు. వాటి మధ్య బొమ్మలు నింపే పని సహాయకులది. ఎన్ని బొమ్మలు గీయాలో చెప్తే సరిపోదు, అవి ఏ భంగిమకు ఎంత దగ్గరగా పడాలో కూడా చెప్పాలి. అందుకే ముఖ్య చిత్రకారుడు కాగితం అంచున ఒక చిన్న పట్టీ గీసి, దాని మీద అడ్డగీతలు పెట్టేవాడు. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట కదలిక నెమ్మది, ఎడంగా ఉన్నచోట వేగం. డిస్నీలో దశాబ్దాలు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో రాసిన పన్నెండు యానిమేషన్ సూత్రాల్లో ఇదీ ఒకటి. మెల్లగా కదలడం మొదలుపెట్టి, మెల్లగా ఆగాలన్నది దాని సారం.

ఆ సహాయకుల పనిని యంత్రానికి అప్పగించినవాళ్లలో ముందువరసలో ఉన్నవారు కెనడా వాళ్లు. ఆటవాలోని నేషనల్ రిసర్చ్ కౌన్సిల్‌లో నెస్టర్ బర్ట్నిక్, మార్సెలీ వైన్ అనే ఇద్దరు పరిశోధకులు, రెండు కీలక బొమ్మలిస్తే మధ్య బొమ్మలను లెక్కగట్టే వ్యవస్థను తయారుచేశారు. దాన్ని వాడి పీటర్ ఫోల్డెస్ 1974లో ‘లా ఫేమ్’ అనే లఘుచిత్రం తీశాడు. ఒక మనిషి తింటూ తింటూ రాక్షసుడిలా ఊరిపోయే కథ అది. ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది. ఆ ఇద్దరు పరిశోధకుల కృషికి అకాడమీ 1997లో సాంకేతిక పురస్కారం ఇచ్చింది. నేడు మన ఎడిటర్ వాడుతున్న కీఫ్రేములు ఆ వంశానివే. కాగితం అంచునున్న అడ్డగీతల పట్టీయే తెరమీద వంపుగీతగా మారింది. ఆ వంపులను మలిచే గణితం రెనో కంపెనీలో కార్ల బాడీల ఆకారాల కోసం పియర్ బెజియే వాడుకలోకి తెచ్చినది, అందుకే వాటికి బెజియే కర్వులని పేరు.

ఇప్పుడు మన టైటిల్ దగ్గరికి వద్దాం.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ నేర్చుకునే ప్రతివాడికీ మొదటి వారంలోనే తెలిసే కిటుకు ఒకటుంది. రెండు కీఫ్రేములనూ ఎంచుకుని `F9` నొక్కడం. దాని పేరు ఈజీ ఈజ్. డైమండ్ ఆకారంలో ఉన్న గుర్తులు ఇసుక గడియారం ఆకారంలోకి మారతాయి, కదలిక మెత్తబడుతుంది. లోపల జరిగేది ఏమిటంటే, రెండు చివరలా వేగం సున్నా అవుతుంది. ఆ నెమ్మది ప్రభావం రెండు వైపులా కాలంలో 33.33 శాతం మేరకు సాగుతుంది. లెక్క వేస్తే, మన టైటిల్ మొదటి ఐదు ఫ్రేముల్లో 130 పిక్సెళ్లు, తర్వాతి ఐదింటిలో 310, నడిమి ఐదింటిలో 370, ఆపైన మళ్లీ 310, చివరి ఐదింటిలో 130 కదులుతుంది. రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఒకేలా.

బాగానే ఉందనిపిస్తుంది. కానీ ప్లే చేసి చూస్తే ఏదో వెలితి. టైటిల్ తెర అంచు దగ్గర తటపటాయిస్తుంది. మొదటి ఫ్రేములో అది కదిలేది ఆరు పిక్సెళ్లకు లోపే. ఆ మొదటి నెమ్మది ఎవరికోసం? తెర బయట ఉన్న వస్తువు అప్పటికే ప్రయాణంలో ఉన్నట్టు మనసు ఊహించుకుంటుంది, అంచు దాటేసరికి మంచి వేగంలో ఉండాలని ఎదురుచూస్తుంది. అది అంచు దగ్గరే నిలబడి అప్పుడే బయలుదేరితే ఆ ఊహ చెదురుతుంది.

కాబట్టి లోపలికి వచ్చే వస్తువుకు చివర మాత్రమే నెమ్మది కావాలి. బయటికి వెళ్లిపోయేదానికి మొదట మాత్రమే కావాలి. తెరలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగేదానికే రెండు వైపులా అవసరం. `F9` ఈ మూడింటికీ ఒకే మందు ఇస్తుంది. కొత్త ఎడిటర్ల పనిని ఇట్టే గుర్తుపట్టగలగడానికి కారణం అదే.

మన ఎడిటర్ ఇప్పుడు మొదటి కీఫ్రేము మీద కుడి క్లిక్ చేసి Keyframe Velocity పెట్టె తెరుస్తాడు. సగటు వేగం సెకనుకు 1250 పిక్సెళ్లు. బయలుదేరే వేగాన్ని దానికి మూడింతలు, అంటే 3750 అని ఇస్తాడు. ప్రభావం 33.33 శాతమే ఉంచుతాడు. చివరి కీఫ్రేములో చేరే వేగం సున్నా, ప్రభావం అంతే. ఇక ఐదేసి ఫ్రేములకు దూరం ఇలా పంచుకుంటుంది: 610, 370, 190, 70, 10. మొత్తం అదే 1250. కానీ మొదటి ఐదు ఫ్రేముల్లోనే సగం దారి అయిపోతుంది, చివరి ఐదింటిలో పది పిక్సెళ్లే మిగులుతాయి. టైటిల్ దూసుకొచ్చి, మెల్లమెల్లగా తన చోట కుదురుకుంటుంది. వెబ్ పేజీలో ఇదే కదలిక కావాలంటే ఒక్క వరుస చాలు:

```css
transition: transform 1s cubic-bezier(0.33, 1, 0.67, 1);
```

ఇక్కడ చాలామంది తడబడే మెలిక ఒకటుంది. చివర నెమ్మదించే ఈ కదలికను వెబ్ వాళ్లు `ease-out` అంటారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో దీనికి దగ్గరి ఆదేశం Easy Ease In. వెబ్ వాళ్ల పేరు కదలికను బట్టి పెట్టింది, అంటే కదలిక ముగిసే వైపు నెమ్మది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పేరు కీఫ్రేమును బట్టి పెట్టింది, అంటే ఆ కీఫ్రేములోకి వచ్చే వైపు నెమ్మది. డిజైనర్ ఒకటి చెప్పి, వెబ్‌సైట్ చేసే ప్రోగ్రామర్ దానికి పూర్తిగా తలకిందులుగా చేసిన సందర్భాల వెనక ఎక్కువగా ఉండేది ఇదే. పేరు చెప్పకుండా గ్రాఫు బొమ్మ పంపడం మేలు.

గ్రాఫు అన్నాం గనక, గ్రాఫ్ ఎడిటర్‌లో రెండు రకాలుంటాయి. ఒకటి వస్తువు ఎక్కడుందో చూపేది, రెండోది ఎంత వేగంగా పోతోందో చూపేది. రెండో దానిలో ఒక సంగతి గుర్తుంచుకుంటే చాలా అయోమయం తీరుతుంది. వేగం గీత కిందున్న వైశాల్యమే వస్తువు నడిచిన దూరం. కీఫ్రేముల స్థానాలు మారలేదు గనక ఆ వైశాల్యం మారదు. ఒకచోట గీతను అణిచితే మరోచోట అది పైకి లేవక తప్పదు. చివర మరీ మెత్తగా కావాలని ఎడిటర్ పిడిని లాగుతూ పోతే, మొదట్లో వేగం శిఖరంలా లేస్తుంది. కొత్తవాళ్లు మెత్తదనాన్ని మాత్రమే చూసి ఆ శిఖరాన్ని గమనించరు.

ఆ శిఖరం తెచ్చే చిక్కు ఏమిటో మన టైటిల్‌లోనే కనిపిస్తుంది. మొదటి ఫ్రేములో అది ఏకంగా 144 పిక్సెళ్లు దూకుతుంది. అంత దూరం ఒక్కసారి దూకితే కంటికి కదలిక కనిపించదు, ఒకే టైటిల్ పక్కపక్కన రెండు మూడు ప్రతులుగా మెరుస్తుంది. దీనికి మందు మోషన్ బ్లర్. కెమెరా షటర్ తెరిచి ఉన్నంతసేపూ వస్తువు కదిలితే బొమ్మ చెదిరినట్టే, కంప్యూటరూ చెదరగొడుతుంది. మామూలుగా ఉండే 180 డిగ్రీల షటర్ కోణం ఫ్రేము కాలంలో సగం, అంటే సెకనులో యాభయ్యో వంతు. దాంతో 144 పిక్సెళ్ల దూకుడులో దాదాపు సగం మేర చారలా సాగి, రెండు ప్రతుల మధ్య ఖాళీ పూడుతుంది. లేయరుకు ఒకచోట, మొత్తం కంపోజిషన్‌కు ఇంకోచోట, రెండు మీటలూ వేయాలి. ఒకటే వేసి బ్లర్ రావట్లేదేమని వెతుక్కోవడం ఈ వృత్తిలో సర్వసాధారణం.

చివరి వైపు ఇంకో రకం తంటా. చివరి ఫ్రేములో మన టైటిల్ కదిలేది పిక్సెలులో పన్నెండో వంతు కన్నా తక్కువ. ఇంత చిన్న కదలికను చూపాలంటే కంప్యూటర్ అక్షరాల అంచుల రంగును కాస్త ముదురుగా, కాస్త లేతగా మార్చాలి. లావు అక్షరాలకు ఫర్వాలేదు. సన్నగీతల ఫాంటు అయితే అక్షరాలు వణికినట్టు మిలమిలమంటాయి. ఒక సెకనులో ఇది పెద్దగా తెలియదు. అదే వంపును మూడు సెకన్లకు సాగదీస్తే స్పష్టంగా తెలుస్తుంది. అలాంటప్పుడు వంపును ఇంకా మెత్తగా చేయాలని చూడటం కన్నా, వ్యవధి తగ్గించడం మేలు.

ఇంకో పొరపాటు, ప్రయాణం మధ్యలో మూడో కీఫ్రేము పెట్టి అన్నింటినీ ఎంచుకుని `F9` నొక్కడం. ప్రతి కీఫ్రేము దగ్గరా వేగం సున్నా అవుతుంది గనక టైటిల్ పల్లెవెలుగు బస్సులా ప్రతి స్టాపులోనూ ఆగి బయలుదేరుతుంది. నడిమి కీఫ్రేముకు దారి మలుపు చూపే పని మాత్రమే ఉంటే, దాన్ని రోవింగ్‌గా మార్చాలి. అప్పుడది తన కాలాన్ని తానే సర్దుకుని, వేగం తెగకుండా చూస్తుంది. టైటిల్ ఒకచోట కాసేపు నిలిచి మళ్లీ కదలాల్సినప్పుడూ ఒక వింత జరుగుతుంది. ఒకే విలువగల రెండు కీఫ్రేముల మధ్య కదలకుండా ఉండాల్సిన టైటిల్ చిన్న చుట్టు తిరిగి మళ్లీ అదే చోటికి వస్తుంది. ఇది కాలపు వంపు తప్పు కాదు, దారి వంపుది. ఆ కీఫ్రేముల స్థల మార్గాన్ని లీనియర్ చేస్తే సర్దుకుంటుంది.

ఇంతవరకు టైటిల్‌ను ఒకే ముద్దగా కదిలించాం. అక్షరం వెంట అక్షరం రావాలనుకుంటేనే తెలుగు తన సంగతి చూపిస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని టెక్స్ట్ యానిమేటర్ ‘అక్షరం’ అనుకునేది, మనం అక్షరం అనుకునేది ఎప్పుడూ ఒకటి కావు. ‘ముచ్చట్లు’లో మన లెక్కకు మూడక్షరాలే. యూనికోడ్ లెక్కకు తొమ్మిది సంకేతాలు. డీటీపీలో ఏళ్లుగా వాడుకలో ఉన్న అను ఫాంట్లలోనైతే తలకట్టు, కొమ్ము, ఒత్తు వేటికవే విడి ముక్కలు. అలాంటి ఫాంటుతో అక్షరాలను ఒక్కొక్కటిగా రప్పిస్తే ముందు ‘చ’ వచ్చి నిలబడుతుంది, దాని ఒత్తు వెనకాల పరుగెత్తుకుంటూ వస్తుంది. నవ్వు తెప్పించే దృశ్యమే, కానీ ఇలాంటివి ప్రసారమవుతూనే ఉంటాయి. ముందే పరీక్షించడానికి ‘స్త్రీ’ లాంటి మాట బాగా పనికొస్తుంది. ముక్కలు విడిపోతున్నట్టయితే పూర్తి అక్షరాలను షేపులుగా మార్చి, ఒక్కొక్కదాన్ని ఒక లేయరు చేసుకోవడమే నమ్మకమైన దారి. శ్రమ ఎక్కువే.

‘ఉగాది ముచ్చట్లు’లో ఆరక్షరాలు. ఒక్కొక్కటి రెండు ఫ్రేముల తేడాతో బయలుదేరితే, ఆరోది పదో ఫ్రేములో కదలడం మొదలుపెడుతుంది. ప్రతిదానికీ 15 ఫ్రేముల ప్రయాణం ఇస్తే మొత్తం సరిగ్గా 25కి ముగుస్తుంది. వంపు అన్నింటికీ ఒకటే ఉండాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో వంపు ఇస్తే అది పదంలా కాక, తోసుకుంటున్న గుంపులా ఉంటుంది. కింది నుంచి పైకి లేచే టైటిల్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. ఇంగ్లిష్ కోసం తయారైన టెంప్లేట్లలో మాస్కు అంచు అక్షరాల పాదాలకు కాస్త కిందే ఉంటుంది. తెలుగు ఒత్తులు అంతకన్నా కిందికి వేలాడతాయి. టైటిల్ నిలిచాక కూడా ‘ట్లు’లోని ఒత్తు సగం తెగి ఉంటుంది. మాస్కును కిందికి దించి, ఆ మేరకు ప్రయాణ దూరాన్నీ పెంచాలి.

లోగోది వేరే కథ. లోగో చిన్నదిగా మొదలై పెద్దదవుతూ రావాలంటే, టైటిల్‌కు బాగా కుదిరిన వంపునే దీనికీ వేద్దామనిపిస్తుంది. పరిమాణం 10 శాతం నుంచి 100కి అనుకుంటే, అదే వంపుతో మొదటి ఫ్రేములోనే లోగో 20 శాతానికి చేరుతుంది. అంటే ఒక్క ఫ్రేములో రెట్టింపు! పరిమాణాన్ని కన్ను తేడాగా కాక నిష్పత్తిగా చూస్తుంది. పది ఇరవై కావడం పెద్ద దూకుడు, తొంభై వంద కావడం చిన్న పెరుగుదల. అందుకే లోగో పెరిగినట్టు కాక, టప్పున ప్రత్యక్షమైనట్టు ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు లోగోను 80 శాతం దగ్గరే మొదలుపెట్టి, పారదర్శకత నుంచి మెల్లగా తేల్చుతారు. అప్పుడు మొదటి ఫ్రేము పెరుగుదల మూడు శాతానికి లోపే. లోగో పెరిగిందని ఎవరూ అనుకోరు, ముందుకొచ్చిందనుకుంటారు.

ఇక లోగో తన చోటు దాటి కాస్త ముందుకు పోయి వెనక్కి రావడం ఇప్పుడు చాలా కంపెనీలకు మోజు. 2000ల తొలి ఏళ్లలో ఫ్లాష్ ప్రోగ్రామర్ల కోసం రాబర్ట్ పెన్నర్ రాసిన సూత్రాల్లో దీనికొకటి ఉంది. అందులోని 1.70158 అనే వింత అంకె ఇప్పటికీ లెక్కలేనన్ని ప్రోగ్రాముల్లో యథాతథంగా కనిపిస్తుంది. మొత్తం మార్పులో పది శాతం మేర దాటి పోయేలా లెక్క కుదిరే అంకె అది. ఆ ‘మొత్తం మార్పులో’ అన్నదే ముఖ్యం. 80 నుంచి 100కి పెరిగే లోగో 102 దాకా పోయి వస్తుంది, ముచ్చటగా ఉంటుంది. అదే సూత్రాన్ని మన టైటిల్‌కు వేస్తే 125 పిక్సెళ్లు అవతలికి పోయి తిరిగొస్తుంది, తాగి తూలినట్టు ఉంటుంది. దూరం ఎక్కువైనప్పుడు ఆ దాటును పది పదిహేను పిక్సెళ్లకు చేత్తో కుదించాలి. అసలు పిల్లల చానెల్‌కు నప్పే ఈ ఎగురుడు ఆసుపత్రి లోగోకు నప్పదు. అయినా గెంతుతున్న ఆసుపత్రి లోగోలు ప్రకటనల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంత చెప్పాక, ఏ వంపూ అక్కర్లేని చోటు కూడా ఉంది. వార్తల కింద పాకే స్క్రోలింగ్, సినిమా చివర పైకి వెళ్లే పేర్లు. వాటిని చదవాలి. చదివే కన్ను ఒకే వేగాన్ని పట్టుకుని సాగుతుంది, వేగం మారితే తప్పిపోతుంది. ఇక్కడ లీనియర్ కీఫ్రేములే సరైనవి, కాకపోతే అంకెను ఎంచుకోవాలి. ఫ్రేముకు రెండున్నర పిక్సెళ్లు వస్తే పేర్ల సన్నగీతలు ఒక ఫ్రేములో పదునుగా, మరో ఫ్రేములో మసకగా మారుతూ మినుకుమంటాయి. ఫ్రేముకు సరిగ్గా మూడు పిక్సెళ్లు చేస్తే సెకనుకు 75 పిక్సెళ్లు అవుతుంది. 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెరపై ఒక పేరు కింది నుంచి పైదాకా వెళ్లడానికి 14.4 సెకన్లు. రెండు చేస్తే 21.6 సెకన్లు. నిర్మాత మొత్తం పేర్లకు తొంభై సెకన్లే ఇచ్చాడంటే, ఎడిటర్ వేగాన్ని భిన్నంలోకి లాగడు. శాఖల పేర్ల మధ్య ఖాళీ వరుసలు కుదించో, పెంచో మొత్తం పొడవునే సర్దుతాడు. తొంభై సెకన్లంటే 2250 ఫ్రేములు. ఫ్రేముకు మూడు పిక్సెళ్ల చొప్పున మొత్తం ప్రయాణం 6750 పిక్సెళ్లు రావాలి. చివరి పేరు తెర పైఅంచు దాటేదాకా లెక్కలోకి వస్తుంది గనక, అందులోంచి తెర ఎత్తు 1080 తీసేస్తే, పేర్ల జాబితా పొడవు 5670 పిక్సెళ్లుండాలి.